పదకొండు పేజీలూ ఒక వాక్యమూ

ఒక పిల్ల నా బల్ల మీద పదకొండు పేజీల పుస్తక సమీక్ష పెట్టిందంటే నాకు మొదట కలిగేది ఆనందం కాదు, అనుమానం. నాచారంలోని ఒక బడిలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను. పరీక్షకూ పరీక్షకూ మధ్య పిల్లలు ఏదో ఒక పుస్తకం చదివి సమీక్ష రాయాలి. దానికి ఐదు మార్కులు. ఐదు మార్కుల కోసం ఎవరు ఎంత కష్టపడతారో నాకు కొట్టిన పిండి. బీరువాలో ఉన్నవాటన్నిటిలోకీ సన్నటి పుస్తకం వెతికి పట్టుకుంటారు. దానికీ బద్ధకమైతే పోయినేడు అక్క రాసిన సమీక్షను చెల్లెలు దించేస్తుంది, అక్క చేసిన అక్షరదోషాలను కూడా ఎంతో భక్తిగా.

ఈ పిల్లది తొమ్మిదో తరగతి. మూడో బెంచీలో గోడవైపు కూర్చుంటుంది. అడిగితే జవాబు చెబుతుంది, అడక్కపోతే పీరియడ్ అయ్యేదాకా నోరు విప్పదు. లైబ్రరీ పీరియడ్‌లో అందరూ సన్నటి పుస్తకాల కోసం తోసుకుంటుంటే, తను కింది అరలోంచి అట్ట ఊడిపోయిన లావుపాటి నవల ఒకటి తీసుకొచ్చింది. అంతకుముందు నవల అనేది చదివి ఎరగదు.

"అందులో బొమ్మలుండవు తల్లీ," అన్నాను.

"ఎరుకే టీచర్. సూసిన."

"రెండు వందల పేజీలు."

"రెండు వందల పన్నెండు," అని సరిదిద్దింది.

నన్ను సరిదిద్దే పిల్లలంటే నాకు లోలోపల ఇష్టం. పైకి మాత్రం ముఖం గంటు పెట్టుకుని రిజిస్టర్‌లో రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆ పదకొండు పేజీలు వచ్చాయి. నవల కథంతా అందులో ఉంది. ఒక చిన్న పట్నంలో బట్టల కొట్టు. అందులో తానులు మోసి, విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టే పనివాడు ఒకాయన. ఆయన కూతురు కొత్త బడిలో చేరి, ఆ కొట్టు మాదేనని స్నేహితురాళ్లకు చెబుతుంది. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో నాలుగు చెబుతుంది. ఒకరోజు స్నేహితురాళ్లు ఆమె వద్దంటున్నా వినకుండా చెయ్యి పట్టుకుని లాక్కుంటూ కొట్టుకు వచ్చేస్తారు. యజమాని భోజనానికి వెళ్లాడు. తండ్రి కూతురి ముఖం చూస్తాడు, సంగతి అర్థమవుతుంది. భుజం మీది తాను దించి, నేరుగా వెళ్లి యజమాని కుర్చీలో కూర్చుని, ఏం చూపించమంటారమ్మా అని అడుగుతాడు. వాళ్లు రెండు గజాల లేసు కొనుక్కుని వెళ్లిపోతారు. యజమానికి తెలిసి ఆయన్ని పనిలోంచి తీసేస్తాడు. చివరి పేజీలో తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటారు. పని ఎందుకు పోయిందో ఆయన చెప్పడు, ఆమె అడగదు. ఇద్దరికీ తెలుసు. అక్కడితో నవల అయిపోతుంది.

ఇదంతా పిల్ల "తర్వాత", "ఆ తర్వాత", "ఇంకా తర్వాత" అంటూ చెప్పుకొచ్చింది. ఆ తర్వాతలు లెక్కపెట్టబోయి డెబ్బై దగ్గర విసుగొచ్చి ఆపేశాను. వాళ్లు చివర్లో తిన్న కూర ఏమిటో కూడా రాసింది, బీరకాయ. ఒక్క "థీమ్" అన్న శీర్షిక కింద మాత్రం ఏమీ లేదు. పైకి చూపిస్తూ ఒక బాణం గుర్తు గీసి, "పైన రాసితిని" అని పెట్టింది.

ఈ ప్లాట్, థీమ్ అన్న మాటలకు తెలుగులో మంచి మాటలే ఉన్నాయి. కాకపోతే ఏ మాట దేనికన్నదాని మీద మా స్టాఫ్ రూమ్‌లో ఇద్దరు తెలుగు టీచర్లం ఇప్పటికీ ఒక ఒప్పందానికి రాలేదు. ఒకరోజు ఆ వాదనలో టీలు చల్లారిపోయాయి కూడా. పెద్దల తగువులోకి పిల్లల్ని లాగడమెందుకని క్లాసులో థీమ్, ప్లాట్ అనే అంటాను. పిల్ల కాగితం మీద "ఇది కథ. థీమ్ ఏది?" అని రాసి వెనక్కి పంపాను.

మర్నాడే జవాబు వచ్చింది. ఈసారి ఒకటే ముక్క, స్కేలు పెట్టి కింద రెండు గీతలు కొట్టి: "థీమ్: అబద్ధమాడరాదు."

పదకొండు పేజీల నుంచి ఒక్క మాటకు. సన్నటి కాలవ దాటమంటే ఈ పిల్ల అటు ఒడ్డున ఉన్న ఊరు కూడా దాటేసింది. పిలిచి, ఇది ఎక్కణ్నుంచి పట్టుకొచ్చావని అడిగాను.

"ఆదివారం బడిల గట్లనే టీచర్. కథ అయినంక ఏం నేర్చుకున్నరు అని నానమ్మ అడుగుతది. గప్పుడు నేర్చుకున్నది చెప్పి, కంఠత వాక్యం చెప్పాలె."

అప్పుడు తెలిసింది. అమ్మానాన్నలు జనగామ దగ్గర పల్లెలో ఉంటారు. చదువు కోసం ఈ పిల్ల ఉప్పల్‌లో నానమ్మ దగ్గర ఉంటోంది. ఆ నానమ్మ వాళ్ల చర్చిలో ఆదివారం పిల్లలకు కథలు చెప్పే టీచరు. అక్కడ కథ అయిపోయిందంటే పిల్లలు వరసగా లేచి నిలబడి, నేర్చుకున్న పాఠం ఒకటీ, బట్టీపట్టిన వాక్యం ఒకటీ అప్పజెప్పాలి. నాలుగేళ్ల వయసు నుంచీ పదేళ్లపాటు అలా అప్పజెప్పిన పిల్ల, నవల అయిపోగానే లేచి నిలబడి ఒక ఆజ్ఞ అప్పజెప్పింది. అందులో దాని తప్పేమీ లేదు. తెనాలిలో మా తాతయ్య కూడా నాకు కథ చెప్పి, నీతి చెప్పనిదే మరమరాల ఉండ చేతిలో పెట్టేవాడు కాదు. ఆ ఉండల కోసం నేను ఎన్ని నీతులు కల్పించి చెప్పానో ఆ భగవంతుడికే తెలియాలి.

ఆ సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. మ్యాచ్ ఉన్న రోజున నాచారంలో బస్సు కోసం నిలబడటమంటే ఉపవాసం లాంటిది, పుణ్యం తప్ప ఇంకేమీ రాదు. నేను ఉప్పల్ చేరి, అక్కణ్నుంచి నారపల్లి బస్సు పట్టుకోవాలి. ఆ పిల్లదీ అదే దారి. ముప్పావు గంట ఇద్దరం ఒకే స్టాపులో నిలబడ్డాం. సందు దొరికింది కదా అని పాఠం అందుకున్నాను. పంతులమ్మలకు ఇదొక రోగం, రిటైరైనా తగ్గదంటారు.

"ఇప్పుడు మనం ఇక్కడ ఎందుకు నిలబడ్డాం?" అని అడిగాను.

"బస్సు రాలే."

"ఎందుకు రాలేదు?"

"మ్యాచ్ ఉన్నది గద టీచర్. పోలీసోళ్లు రోడ్డు ఆపిన్రు."

"మ్యాచ్ ఉంది కాబట్టి రోడ్డు ఆపారు. రోడ్డు ఆపారు కాబట్టి బస్సు రాలేదు. బస్సు రాలేదు కాబట్టి నువ్వు నా చేతికి చిక్కావు. ఇదీ ప్లాట్. ఏం జరిగింది, దానివల్ల ఇంకేం జరిగింది అన్నది. నీ పదకొండు పేజీల్లో 'తర్వాత' అన్న చోటల్లా 'కాబట్టి' పెట్టి చూడు. అతికితే అది ప్లాట్‌లో భాగం. అతక్కపోతే నువ్వు బీరకాయ గురించి రాస్తున్నావని."

నవ్వు ఆపుకోవడానికి బ్యాగు పట్టీ సర్దుకుంది. "మరి థీమ్?"

"ఇదే సంగతిని ఎవరో నవలగా రాశారనుకో. స్టేడియంలో జనం కేరింతలు ఒక పేజీ. ఇదిగో, ఈ స్టాపులో పూలబుట్టతో నిలబడ్డ ఆవిడ ఒక పేజీ. మళ్లీ అటు, మళ్లీ ఇటు. అలా పుస్తకమంతా చదివాక నీకు ఏమనిపిస్తుంది?"

పిల్ల అటు చూసింది. పూలబుట్ట ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. బుట్టలో మల్లెలు అప్పటికే వాడు ముఖం పట్టాయి.

"ఒకల పండుగ ఇంకొకలకు కాళ్ల నొప్పి," అంది.

నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట బయటపెడితే పిల్లలు నెత్తికెక్కుతారని మా బడిలో ఒక సిద్ధాంతం ఉంది, అందుకని దగ్గాను.

"అదీ థీమ్. పుస్తకంలో ఎవరూ ఆ మాట పైకి అనకపోవచ్చు. జరిగినవన్నీ కలిసి ఆ మాట చెబుతాయి."

"అంటే క్రికెట్ ఆడొద్దు అని."

"చూశావా, మళ్లీ తోక తగిలించావు. ఆడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇలా చేయి, అలా చేయకు అంటే అది నీతి. మనుషులు ఇలా ఉంటారు, వాళ్ల మధ్య ఇలా జరుగుతుంది అని చూపిస్తే థీమ్. పోనీ 'అబద్ధం' అని ఒక్క మాటే రాస్తానంటావేమో, అదీ కుదరదు. అది పుస్తకం దేని గురించో చెబుతుంది, అంతే. దాని గురించి పుస్తకం ఏమంటోందో కూడా చెబితేనే థీమ్ అవుతుంది. నిండు వాక్యం కావాలి నాకు."

"గట్లైతే అబద్ధమాడరాదు అన్నది నిండు వాక్యమే గద టీచర్."

మాటకు మాట. మూడో బెంచీలో నోరు విప్పని పిల్ల ఈమేనా అనుకున్నాను.

"సరే, దానికి ఒక పరీక్ష పెడదాం. ఏ థీమ్ అయినా కథలోని పెద్ద పెద్ద సంగతులన్నిటి మీదా సరిపోవాలి. ఒకచోట సరిపోయి ఇంకోచోట జారిపోతే అది కాదన్నమాట. తండ్రి ఆ కుర్చీలో కూర్చున్నాడే, అదీ అబద్ధమే కదా. అక్కడ నీకు ఆయన మీద కోపం వచ్చిందా?"

బస్సు లాంటిది ఒకటి దూరంగా కనబడి, లారీ అయిపోయింది.

"ఏడుపొచ్చింది," అంది.

"అబద్ధమాడినవాణ్ని చూసి ఎవరికైనా ఏడుపెందుకొస్తుంది? ఆ ఎందుకు అన్నది చెప్పగలిగావంటే నీకు థీమ్ దొరికినట్టే."

చెబుతుందనుకున్నాను. తను చెప్పుల వైపు చూస్తూ, "ఐదు మార్కులు రాకున్నా ఏం గాదు టీచర్. గని నానమ్మ ఇదే ఆఖరు పుస్తకం అన్నది," అంది.

సంగతి ఇదీ. మూడు వారాలుగా రోజూ సాయంత్రం నానమ్మ ఆకుకూర తుంచుతూ కూర్చుంటే, ఈ పిల్ల ఎదురుగా కూర్చుని ఆ రోజు చదివినంత మేరకు కథ చెబుతోంది. నానమ్మకు కథ బాగా పట్టింది. టీవీ సీరియల్ కట్టేసి మరీ వింది. కొట్టులో స్నేహితురాళ్లు దిగబడ్డ భాగం చెప్పిన రోజున తోటకూర కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేయాల్సింది రెండూ కలిపేసిందట. అలాంటి మనిషి కథ పూర్తికాగానే అలవాటు ప్రకారం, ఏం నేర్చుకున్నవు బిడ్డా, అని అడిగింది. అబద్ధమాడరాదు అని ఈ పిల్ల అప్పజెప్పింది. మరి అబద్ధమాడిన పిల్లకు శిక్ష ఏది, అని నానమ్మ. లేదు. తండ్రి తప్పని ఎవరైనా చెప్పారా. లేదు. దాంతో ఆవిడకు కోపం వచ్చింది.

"తప్పు జేసింది పిల్ల, పని పోయింది నాయనకు, గిది నేర్పుతున్రా మీ బడిల, అన్నది టీచర్. శనివారం నాకు సెలవే, వచ్చి పుస్తకం ఇచ్చేస్త, ఇంకోటి ఇయ్యొద్దని మీకు చెప్పిపోత అన్నది." మళ్లీ తనే, "పై అరల ఆకుపచ్చ అట్టది ఉన్నది గద. గది సూసి పెట్టుకున్న," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒక నవల పూర్తిచేసి రెండోదానికి ముందే కన్ను వేసుకున్న పిల్లలు నా ఇరవై రెండేళ్లలో ఎందరని వేళ్లు మడిస్తే, రెండో చెయ్యి అవసరం పడలేదు. మార్కులదేముంది. ఈ పిల్ల చదవడం ఆగిపోతుందేమోనని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

"రానీ మీ నానమ్మని. నేను చెబుతాను," అన్నాను. ఏం చెబుతానో నాకే తెలియదు. అయినా స్వరంలో ధీమా తగ్గనివ్వలేదు.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఆవిడ వచ్చింది. మనిషి పొట్టి, బిరుసు. ఇస్త్రీ నేతచీర, చేతిలో గుడ్డసంచి. మనవరాలు పక్కన నిలబడింది. లైబ్రరీ గదిలో కూర్చోబెట్టాను. సంచిలోంచి నవల తీసి బల్ల మీద పెట్టింది. దానికి క్యాలెండర్ కాగితంతో చక్కగా అట్ట వేసి ఉంది.

"అట్ట లేకుండ ఉండె. ఏసిన," అంది.

పిల్లలు చదవకూడని పుస్తకానికి అట్టవేసి తెచ్చే మనిషితో బేరం కుదరకపోదని నాకు ఆశ కలిగింది. కోపంగా వచ్చిన పెద్దవాళ్లకు ముందు ఒక మెట్టు పైన పీట వేయడం నాకు అలవాటైన ఎత్తు. జూన్‌లో పిల్లలు ఇంటి సంగతులు చెప్పుకుంటున్నప్పుడు ఈ పిల్ల, మా నానమ్మ సైంటిస్టుల ఆఫీసులో ఆఫీసరు అని చెప్పింది. హబ్సిగూడ వైపు పరిశోధన సంస్థలకు కొదవ లేదు, అనుమానించేదేముంది. ఆ మాట పట్టుకున్నాను.

"మీరు సైంటిస్టుల ఆఫీసులో ఆఫీసరట కదండీ. మీలాంటి వాళ్లకు నేను విడమరిచి చెప్పాలా," అన్నాను.

ఆవిడ మనవరాలి వైపు ఒక్కసారి చూసింది. చీర కొంగు సర్దుకుంది.

"ఆఁ, ఆడనే. మస్తు ఏండ్లాయె," అంది. అని, నేరుగా విషయంలోకి వచ్చింది. "నేను పిల్లలకు కథలు చెప్పేదాన్ని టీచరమ్మ. కథ అంటే ఒక దారి సూపియ్యాలె. గీ కథల పిల్ల అబద్ధమాడింది, నాయన అబద్ధమాడిండు. ఒక్కలు గూడ తప్పైందని అనలే. చివరికి అన్నం తిని పండుకున్నరు. గిదేం కథ?"

నేను గొంతు సవరించుకున్నాను. జరిగినది వేరు, జరిగినదాని ద్వారా అంతర్లీనంగా వ్యక్తమయ్యేది వేరు అన్నాను. రచయిత దృక్పథం అన్నాను. మానవ సంబంధాలు అన్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. ఆదివారం బడి టీచరు కదా, అడ్డదిడ్డంగా అప్పజెప్పేవాళ్లను వినడం అలవాటే.

"జర మామూలుగ చెప్పున్రి. గీ పుస్తకం అబద్ధం మంచిదంటదా?"

"కాదమ్మా."

"చెడ్డదంటదా?"

"అలా అని కూడా..."

"మరి ఏమంటది?"

బస్ స్టాపులో పిల్లను నేను ఏ మూలకు నెట్టానో, ఆవిడ నన్ను సరిగ్గా ఆ మూలకే నెట్టింది. తప్పించుకోవడానికి ప్రతి టీచరూ చేసే పనే చేశాను. పిల్ల వైపు తిరిగి, "నువ్వు చెప్పవే. థీమ్ ఏమిటి?" అన్నాను.

పిల్ల అప్పటిదాకా నానమ్మనే చూస్తోంది. నేనేదో దృక్పథం, సంబంధాలు అని వల్లిస్తున్నంతసేపూ అది ఒక్క ముక్కా వినలేదని నాకిప్పుడు తెలుస్తోంది.

"టీచర్, నానమ్మ ఆఫీసర్ గాదు," అంది.

నాకు అర్థం కాలేదు.

"క్యాంటీన్ల కూరగాయలు కోస్తది. ఆఫీసర్ అని క్లాసుల నేనే చెప్పిన. నేను గట్ల చెప్పినట్టు నానమ్మకు ఎరుక లేదు. ఇప్పుడు మీరు అంటేనే ఎరుకైంది." నానమ్మ మీంచి కళ్లు తిప్పకుండానే మళ్లీ అంది. "ఎరుకైనా కాదనలే. గా నాయన గూడ గిట్లనే కూసున్నడు. మనం ఆళ్లను సూసి సిగ్గుపడ్తం టీచర్. గది ఆళ్లకు ఎరుకైతది. ఎరుకైనా, ఆళ్లు నలుగుర్ల మనల్ని సిగ్గుపడనియ్యరు. గందుకే ఏడుపొచ్చింది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నవలను నేను ఆరుసార్లు చదివాను. ఆ తండ్రి కుర్చీలో కూర్చునే పేజీ నాకు దాదాపు నోటికి వచ్చు. అదే పని నా ఎదుట, నా బల్లకు అవతల, నేను వేసిన పీట మీద జరిగితే నేను చూడలేదు. చూడకపోగా, మానవ సంబంధాల గురించి ఉపన్యాసం ఇచ్చాను. సిగ్గనిపించింది. ఆ పిల్ల అంతటి మాట అనగలిగినందుకు దాని మీద గౌరవమూ కలిగింది.

నానమ్మ సంచి పట్టీలు ఒకదాని మీద ఒకటి పెట్టి సమం చేసింది.

"అబద్ధం అబద్ధమే బిడ్డ," అంది చివరికి. "నువ్వు చెప్పింది తప్పే. నేను ఆఁ అన్నది గూడ తప్పే. ప్రార్థనల చెప్పుకుంట."

పిల్ల తల ఊపింది.

"క్యాంటీన్ల పనంటే సిగ్గా నీకు?"

"ఉండె."

"మరి గిప్పుడు టీచరమ్మ ముంగట ఎందుకు చెప్పినవు?"

"గా పిల్ల చెప్పలే గద," అంది. "నవలల. చివరిదాక చెప్పలే. నాయన గట్లనే అన్నం తిన్నడు."

ఈసారి ఆవిడ కళ్లు తుడుచుకుంది, ఒక్కసారి, చీర చెంగుతో, చెమట తుడుచుకున్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, "మూడు వందల మందికి కోస్త టీచరమ్మ. బీన్సు గని క్యారెట్టు గని, ఒక్క తీరుగ, సన్నగ. మెషిన్ తెచ్చిన్రు ఒకపారి. నా అంత మంచిగ కొయ్యదని వాపస్ ఇచ్చిన్రు," అంది.

"అయితే ఆఫీసరు కన్నా ఎక్కువే," అన్నాను.

"ఎక్కువ గాదు, తక్కువ గాదు. కూరగాయలు కోసుడు," అంది. నా పొగడ్తలు ఆవిడ దగ్గర చెల్లవని రెండోసారి తెలిసింది.

తర్వాత బల్ల మీది నవలను దగ్గరికి లాక్కుంది. చివరి పేజీలు తిప్పింది. పెదాలు కదుపుతూ నాలుగైదు వాక్యాలు చదివి మూసింది.

"నేను వినుడే గని కండ్లతోటి సదువలే. సోమారం దాక నా దగ్గర ఉండనియ్యున్రి."

"ఉంచుకోండి. తొందరేమీ లేదు."

"గా ఆకుపచ్చదేందో, గది గూడ దీనికి ఇయ్యున్రి." పిల్ల ముఖం చూడకుండానే అంది. "గని ఒక్క ముచ్చట. కథ అయినంక ఏం నేర్చుకున్నవని అడుగుడు నేను బంద్ పెట్ట. అడుగుత."

"అడగండి. థీమ్ చెప్పాక నీతి కూడా చెబుతుంది. రెండూ కలపకుండా ఉంటే చాలు నాకు."

"గది మీ బడి లెక్క," అంది. "మా బడి లెక్క మాది."

ఇద్దరూ గేటు దాకా వెళ్లడం కిటికీలోంచి చూశాను. గుడ్డసంచి పిల్ల చేతిలో ఉంది. ఏదో అడుగుతోంది, నానమ్మ చెయ్యి తిప్పుతూ చూపిస్తోంది. కత్తిపీట మీద క్యారెట్ కోసే తీరేమో మరి, నాకు వినబడలేదు.

సోమవారం కొత్త సమీక్ష వచ్చింది. పదకొండు పేజీలు ఒకటిన్నరకు దిగాయి. "తర్వాత" నాలుగుసార్లే ఉంది. "కాబట్టి" మరీ ఎక్కువైంది, అది నా పాపమే. బీరకాయ లేదు. థీమ్ అన్న శీర్షిక కింద ఇలా ఉంది:

"మన వాళ్లను చూసి మనం సిగ్గుపడతాము. ఆ సంగతి వాళ్లకు తెలిసినా వాళ్లు నలుగురిలో మనల్ని సిగ్గుపడనివ్వరు. కాబట్టి మనమే వెళ్లి వాళ్లను ఆ కుర్చీలో నుంచి లేపాలి."

మొదటి రెండు వాక్యాలు థీమ్. పుస్తకంలో ఏ పేజీ మీద పెట్టి చూసినా సరిపోతాయి. మూడోది థీమ్ కాదు. నవలలో ఎవరూ ఎవరినీ లేపలేదు, అది పిల్ల సొంతంగా తగిలించిన తోక. మూడు రోజులు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన దాని ప్రకారం నేను ఆ వాక్యం కొట్టేసి, ఒక మార్కు తగ్గించాలి.

కొట్టేయలేదు. ఐదుకు ఐదు వేసి, ఆకుపచ్చ నవల తీసి ఇచ్చాను.